హాల్‌మార్క్ అన్నారు, ఉన్నది 925 అంకె ఒక్కటే: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. గృహప్రవేశానికి చిక్‌పేట వైపు ఒక షాపులో జత వెండి దీపపు కుందులు కొన్నాం. రెండూ కలిపి 640 గ్రాములు. గ్రాము 130 లెక్కన, మజూరీ, జీఎస్టీ కలిపి 95 వేలు దాకా అయింది. కొనకముందు వాట్సాప్‌లో ‘925 హాల్‌మార్క్ వెండి’ అని ఫొటోలతో సహా పంపారు. బిల్లులో మాత్రం ‘వెండి కుందులు’ అనే ఉంది. నాలుగు నెలలకే నల్లబడ్డాయి. కాడ అతుకు దగ్గర ఆకుపచ్చగా, అడుగు అంచు దగ్గర పసుపుగా తిరిగింది. అడిగితే 80 టచ్ లెక్కన, అంటే నూటికి 80 వంతులే వెండి అన్న లెక్కన, వాపసు తీసుకుంటాం అంటున్నారు. ఫొటోలు జత చేశాను. కేసుకి ఇవి చాలతాయా?

జవాబు: ఒక సంగతికి చాలతాయి, ఇంకోదానికి చాలవు. షాపు మీకు ఏం చెప్పి అమ్మిందో నిరూపించడానికి ఈ ఫొటోలు, మెసేజ్‌లు బాగా పనికొస్తాయి. కుందుల్లో అసలు వెండి ఎంత ఉందో మాత్రం ఏ ఫొటో నిరూపించదు. చాలామంది ఈ రెండూ కలిపేసి, ‘నల్లబడింది కాబట్టి కల్తీ’ అని ఫిర్యాదు రాస్తారు. అవతలి లాయర్‌కి అంతకంటే సులువైన కేసు ఉండదు. మీ ఫిర్యాదులో ఈ రెంటినీ విడదీసి రాయించాలి.

ముందు గుర్తు సంగతి. బంగారానికి హాల్‌మార్క్ తప్పనిసరి, వెండికి ఇప్పటికీ ఐచ్ఛికమే. అందుకని హాల్‌మార్క్ లేని వెండి అమ్మడం దానంతట అది నేరం కాదు. హాల్‌మార్క్ లేని వస్తువును ఉందని చెప్పి అమ్మడమే తప్పు. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికి కూడా హెచ్‌యూఐడీ పద్ధతి, అంటే ఒక్కో వస్తువుకు విడిగా గుర్తింపు కోడ్ ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో వేసిన ముద్రలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ గుర్తు, దాంతో SILVER అనే మాట, 925 లాంటి స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాల, అంకెల కోడ్ ఉంటాయి. ఆ కోడ్‌ను BIS Care యాప్‌లో కొడితే ఏ నగల వ్యాపారి, ఏ కేంద్రంలో పరీక్ష, ఏ రకం వస్తువు అన్నది కనిపిస్తుంది. వస్తువు రకం తప్పకుండా చూడండి. ఉంగరం మీది కోడ్ తెచ్చి చెంబు మీద వేస్తే అక్కడే దొరికిపోతుంది. మీ ఫొటోల్లో బీఐఎస్ గుర్తూ లేదు, కోడూ లేదు. 925 అంకె, పక్కన షాపు పేరు పొడి అక్షరాలు, అంతే.

ఆ అంకెను కాస్త పెద్దది చేసి చూశాను. 5 తోక దగ్గర చిన్న గుంట ఉంది, సూది మొన దిగినంత. రెండో కుంది ఫొటోలోనూ అదే 5 తోక దగ్గర, అదే వైపు, అదే గుంట. అంకెల అంచులు కూడా కోసినట్టు పదునుగా లేవు, కరిగిన సబ్బు మీది అక్షరాల్లా మొద్దుగా ఉన్నాయి. అంటే ఆ 925 ని పోత పోశాక వేయలేదు. అచ్చులోనే ఉంది, కరిగిన లోహంతో పాటే రెండు కుందుల మీదికీ దిగింది. హాల్‌మార్కింగ్ కేంద్రం చేసే పని దీనికి తలకిందులు: వస్తువు తయారయ్యాక తీసుకుంటారు, పరీక్షిస్తారు, పాసైతేనే లేజర్‌తో ముద్ర వేస్తారు. లోహం ఇంకా మూసలో ఉండగానే పడిన అంకె పరీక్ష ఫలితం ఎలా అవుతుంది?

అలాగని అచ్చులో అంకె ఉండటం మోసమనీ అనుకోకండి. చాలామంది పోతపనివాళ్లు తమ అచ్చులోనే 925 చెక్కుకుంటారు. అది తయారీదారు తన నోటితో చెప్పుకున్న మాట. నిజమూ కావచ్చు, అబద్ధమూ కావచ్చు. కానీ దాన్ని చూపించి ‘హాల్‌మార్క్’ అని మెసేజ్ పెట్టడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. వస్తువుకు లేని ప్రమాణం ఉందని చెప్పడం ఆ నిర్వచనంలోనే ఉంది. మీ మొదటి అభియోగం ఇదే కావాలి. దీనికి ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు. మెసేజ్, ముద్ర ఫొటో పక్కపక్కన పెడితే సరిపోతుంది. లోపల వెండి ఎంతున్నా ఈ అభియోగం నిలుస్తుంది.

ఇక రెండో అభియోగం, స్వచ్ఛత తక్కువని. మీరు చెప్పిన మూడు రంగులూ ఒకే బరువున్న సాక్ష్యాలు కావు. నలుపును వదిలేయండి. గాలిలోని గంధకపు వాయువులతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. 999 వెండి కూడా నల్లబడుతుంది. పైగా ఇవి దీపాలు, మసి ఎటూ తప్పదు. ‘అసలు వెండి నల్లబడదు’ అని చెప్పి అమ్మే షాపులూ ఉన్నాయి గానీ, అది వేరే కథ.

ఆకుపచ్చ రాగి ఉన్నట్టు చెబుతుంది. దీపం నూనెలోని ఆమ్లాలతో రాగి కలిస్తే ఆ పచ్చని జిడ్డు వస్తుంది. కానీ 925 వెండిలోనూ మిగతా ఏడున్నర శాతం మామూలుగా రాగే. అదీకాక మీకు పచ్చగా కనిపిస్తున్నది సరిగ్గా అతుకు దగ్గర. అతుక్కి వాడే టంకంలో వెండి తక్కువ, రాగి, జింక్ ఎక్కువ ఉంటాయి. అతుకు దగ్గరి పచ్చదనంతో మొత్తం కుంది మీద తీర్పు చెప్పలేం.

ఆలోచించాల్సింది అడుగు అంచు దగ్గరి పసుపు. అక్కడ చెయ్యి పడుతుంది, పీట మీద రాపిడి ఉంటుంది. పసుపుకి మూడు కారణాలు ఉండొచ్చు. నలుపు మొదలయ్యే ముందు వచ్చే పలుచని పొర పసుపుగానే కనిపిస్తుంది. లేదా పైన వెండి పూత అరిగి కింద ఇత్తడి బయటపడి ఉండొచ్చు. లేదా తక్కువ టచ్ వెండిని యాసిడ్‌లో వేసి తెల్లగా తేల్చి ఉంటారు. అలా చేస్తే పైపొరలో రాగి పోయి వెండి మిగులుతుంది, ఆ పొర అరిగాక లోపలి పసుపుఛాయ బయటికొస్తుంది. ఫొటోలు తీసుకున్నాక పొడి మెత్తటి గుడ్డతో ఒక్కచోట తుడిచి చూడండి. పోతే సల్ఫైడ్ పొరే అనుకోవచ్చు. పోకపోతే మిగతా రెంటిలో ఏదన్నది ల్యాబే చెప్పాలి. చింతపండు, సిల్వర్ డిప్, టూత్‌పేస్ట్ జోలికి మాత్రం పోకండి. మీరే సాక్ష్యాన్ని కడిగేసినట్టవుతుంది, ‘వాళ్లే పాడు చేశారు’ అనడానికి షాపుకు అవకాశం ఇచ్చినట్టూ అవుతుంది.

వెండికి గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రంలో డబ్బు కట్టి, ఎక్స్‌రేలతో లోహాన్ని పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ మీద చూపించుకోండి. వస్తువును కొయ్యక్కర్లేదు, నిమిషాల్లో అంకె చెబుతుంది. కాకపోతే అది చూసేది పైపొరనే. పూత ఉన్నా, యాసిడ్‌లో తేల్చినా అంకె ఎక్కువ చూపిస్తుంది. టంకం మీద పెడితే తక్కువ చూపిస్తుంది. అందుకని అరిగిన అంచు, నూనె గిన్నె లోపలి వైపు, కాడ మధ్య, మూడు చోట్లా విడివిడిగా చూసి ఏ అంకె ఎక్కడిదో రిపోర్టులో రాయమనండి. కేసు వేయాలా వద్దా తేల్చుకోవడానికి ఆ రిపోర్టు చాలు. తీర్పుకు చాలదు.

ఇక్కడే జనం తొందరపడతారు. డ్రిల్ వేయించి, ముక్క తీయించి, సొంతంగా పూర్తి పరీక్ష చేయించి రిపోర్టు తెస్తారు. అప్పుడు షాపు ‘ఆ ముక్క మా కుందిది కాదు’ అంటుంది. అలా చేయకండి. వినియోగదారుల రక్షణ చట్టంలోనే సెక్షన్ 38(2)(సి) సరిగ్గా ఇలాంటి వాటికే ఉంది. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే, కేసు వినే వినియోగదారుల కమిషనే నమూనా తీసుకుని, సీలు వేసి, ల్యాబ్‌కు పంపుతుంది. ల్యాబ్ 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఫీజు ముందు మీరే కట్టాలి. ఫిర్యాదుతో పాటే ఈ పరీక్ష కోరుతూ దరఖాస్తు పెట్టండి, కరిగించి రసాయన పద్ధతిలో చేయమని అడగండి. ఇంకో మాట: మీ కుందుల అడుగున రేకు మూసి ఉంది. బరువు కోసం లోపల లక్క నింపడం ఈ వ్యాపారంలో ఉన్నదే. 640 గ్రాముల్లో లోహం ఎంతో విడిగా తూచమని కూడా దరఖాస్తులో రాయించండి. ఇంట్లో నీళ్లలో ముంచి సాంద్రత చూసే చిట్కా ఇందుకే మీకు పనికిరాదు, లోపలి లక్క లెక్కంతా తప్పిస్తుంది.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. లక్క లేదనే అనుకుందాం. 925 అయితే 640 గ్రాముల్లో 592 గ్రాముల వెండి ఉండాలి. 800 అని తేలితే 512 గ్రాములే ఉన్నట్టు. 80 గ్రాములు తక్కువ, గ్రాము 130 చొప్పున 10,400 రూపాయలు. అసలైన బీఐఎస్ హాల్‌మార్క్ ఉన్న వస్తువైతే 2018 బీఐఎస్ నియమాల్లోని 49వ నియమం కింద దీనికి రెండింతలు, అంటే 20,800, దాంతో పాటు పరీక్ష ఖర్చు వచ్చేవి. మీదానికి ఆ ముద్రే లేదు కాబట్టి ఆ నియమాన్ని పట్టుకుని అడిగితే కొట్టేస్తారు. మీరు వస్తువు వెనక్కిచ్చి మొత్తం సొమ్ము వాపసు, దానిపై వడ్డీ, నష్టపరిహారం, ఖర్చులు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 39 కింద అడగాలి. మొదటి అభియోగం గట్టిగా ఉండాలన్నది అందుకే. లేకపోతే కేసంతా ఆ పదివేల తేడా చుట్టూ తిరుగుతుంది.

వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఆ ఫోన్ అమ్మకండి. భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాంకేతిక నియమాలను మరీ పట్టించుకోకపోయినా, అవతలి లాయర్ మొదట పట్టుకునేది దీన్నే. మీరు నాకు పంపినవి వాట్సాప్‌లో కుదించుకుపోయిన ఫొటోలు. ముద్రను మళ్లీ తీయండి: పక్క నుంచి వెలుతురు పడేలా, స్కేలు పెట్టి, దగ్గరగా, రెండు కుందులకూ ఒకే కోణంలో. ఒరిజినల్ ఫైళ్లు అలాగే ఉంచండి. షాపాయన తెలుగులో పెట్టిన మెసేజ్‌లకు ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

మీరుండేది బెంగళూరే కాబట్టి ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. కేసు వేయడానికి రెండేళ్ల గడువు అదే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 లో ఉంది. ముందు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. చట్టం అడగకపోయినా, దానికొచ్చే జవాబులో షాపు తన వాదన బయటపెడుతుంది.

చివరగా ఆ 80 టచ్ మాట. దాన్ని నోటితో వదలనివ్వకండి. ‘మీరు 925 అని అమ్మిన కుందులను 80 టచ్ కింద తీసుకుంటామన్నారు, ఎందుకో చెప్పండి’ అని వాట్సాప్‌లో అడగండి. కరిగింపు తరుగు అంటారేమో, అననివ్వండి. తరుగును బరువులో కోస్తారు గానీ టచ్‌లో కాదు కదా అని కమిషన్ ముందు మీ లాయర్ అడగొచ్చు. ఎక్స్చేంజ్‌కు ఒప్పుకుని రసీదు మీద ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న వాక్యం కింద మాత్రం సంతకం పెట్టకండి. కుందులు వాళ్ల చేతికి పోయి కరిగిపోతే సీలు వేయడానికి కమిషన్ దగ్గర ఏమీ మిగలదు.