ఏడు విశేషాలు చెప్పినా ఒక్కటీ గుర్తుండలేదు

ప్రశ్న: ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పైపుల్లో నీటి లీకేజీని కనిపెట్టే పరికరం మా ప్రాజెక్టు. 5 నిమిషాల ప్రెజెంటేషన్‌లో దాని విశేషాలు ఏడూ చెప్పాను. అంతా అయ్యాక ప్యానెల్‌లో ఒకరు "ఇంతకీ దీని ప్రత్యేకత ఏంటి?" అన్నారు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో మళ్లీ ఇదే చెప్పాలి. ఏం మార్చుకోవాలి?

జవాబు: ఏడింటిలో మూడే పైకి తేవాలి. మిగతా నాలుగూ వాటికి రుజువులుగా కిందికి చేరతాయి. ఒప్పించడానికి చెబుతున్నారని తెలిసిన శ్రోతను మూడు వాదనలు బాగా ఆకట్టుకుంటాయనీ, నాలుగోదానికి అనుమానం మొదలవుతుందనీ సుజాన్ షూ, కర్ట్ కార్ల్‌సన్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. ఇంటర్వ్యూ చేసేవారూ అలాంటి శ్రోతలే.

మీ పరికరానికి ఇలా రాసుకోవచ్చు: "తవ్వకుండా కనిపెడుతుంది. తడవకముందే చెబుతుంది. తేలిగ్గా అమరుతుంది." ఒక్కో వాక్యం రెండే మాటలు. మొదటి హల్లు ఒకటే, ముగింపూ ఒకటే. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ఈ లయ సులువుగా కుదురుతుంది. సెన్సర్ కచ్చితత్వం మొదటిదాని కింద, మొబైల్‌కి వచ్చే హెచ్చరిక రెండోదాని కింద, బరువూ బ్యాటరీ మూడోదాని కింద చెప్పండి. వాక్యంలో "ఇంకా", "అలాగే" దూరితే అక్కడ రెండు అంశాలు దాక్కున్నట్టే, విడదీసి ఒకటి తీసేయండి. మూడింటిలో బలహీనమైనదాన్ని మధ్యలో పెట్టండి. మొదట విన్నవీ చివర విన్నవీ బాగా గుర్తుంటాయి.

ఇక సమయం. మొదటి 30 సెకన్లలో మూడు వాక్యాలూ వరసగా చెప్పండి. తర్వాత ఒక్కోదానికి 80 సెకన్లు. ఆ భాగం మొదట్లో ఆ వాక్యం, తర్వాత రుజువులు, చివర మళ్లీ అదే వాక్యం. ఆఖరి 30 సెకన్లలో మూడూ మరోసారి. అలా ఒక్కో వాక్యం నాలుగుసార్లు వినిపిస్తుంది. మధ్యలో కొత్త సమాచారం ఉంటుంది కాబట్టి విసుగు రాదు. రుజువేమీ లేకుండా వెంటవెంటనే రెండుసార్లు అంటే మాత్రం తడబడినట్టు వినిపిస్తుంది.

ఎక్కువమంది చేసే తప్పు మాట మార్చడం. వ్యాసంలో ఒకే పదం రెండుసార్లు రాయకూడదని నేర్చుకుని ఉంటాం. మాట్లాడేటప్పుడు ఆ అలవాటే దెబ్బతీస్తుంది. "తవ్వకుండా కనిపెడుతుంది" అన్నదాన్ని చివర్లో "నేలను పాడుచేయకుండా గుర్తిస్తుంది" అంటే, విన్నవారు దాన్ని నాలుగో అంశంగా లెక్కేసుకుంటారు. అక్షరం మారకూడదు. మారాల్సింది స్వరం: మొదటిసారి మామూలుగా, చివరిసారి నెమ్మదిగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక క్షణం ఆగి.

సబ్జెక్టు తెలియని ఒకరికి దీన్ని వినిపించండి. పది నిమిషాలు వేరే విషయాలు మాట్లాడి, అప్పుడు ఆ మూడూ అడగండి. మీ మాటల్లోనే చెబితే సరే. అర్థం చెప్పి మాటలు మార్చేస్తే వాక్యం ఇంకా పొడవుగా ఉంది. రెండే గుర్తొస్తే, మూడోది వాటిలో ఒకదానితో కలిసిపోతోందేమో చూడండి.

ప్రశ్నలు అడగడం పూర్తయ్యాక లేచి వచ్చేయకండి. అప్పటికి ప్యానెల్ మనసులో ఉండేది ఆఖరి ప్రశ్న. ధన్యవాదాలు చెప్పేముందు మూడు వాక్యాలూ ఇంకొక్కసారి అనండి, పది సెకన్లు చాలు.