మాంసం తినని వాళ్లకు క్రియాటిన్ ఎక్కువ పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 26. మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినను. ఏడాదిగా జిమ్‌కు వెళ్తున్నాను. క్రియాటిన్ వాడితే నాలాంటి వాళ్లకే ఎక్కువ లాభమని ట్రైనర్ అంటున్నాడు. కిడ్నీలు పాడవుతాయని అమ్మ టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ ట్రైనర్ మాటలో సగం నిజం ఉంది. మన కాలేయం, కిడ్నీలు కలిసి రోజుకు సుమారు ఒక గ్రాము క్రియాటిన్ తయారు చేస్తాయి. మాంసాహారులకు చేపలు, మాంసం నుంచి ఇంకొంత అందుతుంది. పాలు, పెరుగులో ఉండేది చాలా తక్కువ. పప్పులో అసలు ఉండదు. అందుకే శాకాహారుల కండరాల్లో నిల్వ తక్కువగా ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న బిందెలో ఎక్కువ నీళ్లు పట్టినట్టు, పౌడర్ మొదలుపెట్టాక వాళ్ల కండరాల్లో నిల్వ ఎక్కువగా పెరుగుతుంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో శాకాహారులకు కండ కూడా ఎక్కువ పెరిగింది. తర్వాతి పరిశోధనల్లో మాత్రం బలంలో ఆ తేడా ప్రతిసారీ కనిపించలేదు. కాబట్టి మీకు లాభం ఉంటుంది, కానీ మాంసం తినే మీ స్నేహితుడిని దాటిపోతారని చెప్పలేను.

బరువు ఎత్తే మొదటి కొన్ని సెకన్లలో కండరానికి శక్తిని వేగంగా తిరిగి అందించేది ఈ నిల్వే. మీరు 50 కిలోలు 8 సార్లు ఎత్తి ఆగిపోతుంటే, కొన్ని వారాల్లో 9 లేదా 10 సార్లు ఎత్తగలరు. ఆ అదనపు శ్రమకే కండ పెరుగుతుంది. వ్యాయామం చేయకుండా పౌడర్ ఒక్కటే తాగితే పెద్దగా ఫలితం ఉండదు. మొదటి వారంలో కిలో, కిలోన్నర బరువు పెరిగితే అది చాలావరకు కండరంలో చేరిన నీరే.

సాదా క్రియాటిన్ మోనోహైడ్రేట్ చాలు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు, జిమ్ లేని రోజు కూడా, నీళ్లలో కలిపి తాగండి. మొదటి వారం రోజుకు 20 గ్రాములు వేసుకోమని చెబుతుంటారు. అలా చేస్తే కొందరికి కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు అవుతాయి. 3 గ్రాములతోనే సుమారు నాలుగు వారాల్లో నిల్వ నిండుతుంది, తొందర అక్కర్లేదు. క్యాప్సూల్ కొంటే జెలటిన్ లేనిదేనా అని లేబుల్ చూసుకోండి. మామూలు జెలటిన్ జంతువుల నుంచి తీసేదే.

ఇక అమ్మగారి భయం. కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ మోతాదులో హాని కనిపించలేదు. అయితే క్రియాటిన్ శరీరంలో క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. రక్తపరీక్షలో చూసేది ఈ క్రియాటినిన్‌నే. పౌడర్ వాడుతుంటే కిడ్నీలు బాగున్నా 1.0 ఉన్నది 1.3 రావచ్చు. అందుకే మొదలుపెట్టే ముందే ఒకసారి పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి. తర్వాత అంకె పెరిగితే పౌడర్ సంగతి డాక్టరుకు చెప్పండి. కండ పరిమాణం, పౌడర్ ప్రభావం అంతగా పడని సిస్టాటిన్ సి పరీక్షతో, మూత్రంలో ప్రొటీన్ పరీక్షతో అసలు విషయం తేలుతుంది. మీకు బీపీ, షుగర్ ఉన్నా, ఇదివరకే కిడ్నీ సమస్య ఉన్నా డాక్టరును కలిశాకే డబ్బా తెరవండి.