పీఠిక ఎవరి పీట?

సందేహం: మా ఆలయంలో స్వామివారి ప్రతిష్ఠ జరిగి యాభై ఏళ్లు నిండుతున్నాయి. స్వర్ణోత్సవ సంచికకు ట్రస్టు అధ్యక్షుడిగా రెండు పేజీలు రాసి ‘పీఠిక’ అని పేరు పెట్టాను. పీఠిక పండితులు రాసేదనీ, నాది ‘ముందుమాట’ అనీ కార్యవర్గంలో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఏది సరి? నా రాత ప్రతిని జతపరిచాను.
– ఒక ఆలయ ట్రస్టు అధ్యక్షుడు

సమాధానం: పీఠం ప్రకృతి, పీట వికృతి. పెళ్లిపీటలు, కత్తిపీట, ముక్కాలిపీట అన్నీ ఆ ఇంటి పిల్లలే. పీఠానికి చిన్నది పీఠిక. అంటే అచ్చతెలుగు ఇంట్లో చిన్నపీట. ఇంటికి వచ్చిన పెద్దవారికి పీట వాల్చి మనం పక్కకు తప్పుకుంటాం, వాల్చిన చేత్తోనే దాని మీద కూర్చోము. ఈ మర్యాద మరిచిపోయాక ‘పెద్దపీట’ కూడా పాడైంది. బడ్జెట్లో రోడ్లకు పెద్దపీట, తాగునీటికి పెద్దపీట అని పత్రికలు రోజూ రాస్తున్నాయి. రోడ్డు వచ్చి పీట మీద కూర్చుంటుందా? ‘ఎక్కువ నిధులు’ అంటే సరిపోయేదానికి ఒక మంచి మాటను అరగదీస్తున్నారు.

గుడి సంచికకు ఈ పదం మరీ దగ్గరిది. మూలవిరాట్టు నిలిచేది పీఠం మీదే. ప్రతిష్ఠ నాడు పీఠంలో మలిచిన గుంటలో ముందు యంత్రాన్ని, రత్నాలను ఉంచుతారు. విగ్రహం అడుగుభాగం అందులోకి దిగుతుంది. చుట్టూ ఉన్న సందును అష్టబంధనంతో మూస్తారు. లక్క, గుగ్గిలం, మైనం వంటి ఎనిమిది ద్రవ్యాలను దంచి చేసిన ముద్ద అది. మెత్తగా ఉన్నప్పుడే వేళ్లతో అదిమితే తరవాత గట్టిపడుతుంది. కాలం గడిచేకొద్దీ అది బీటలు వారి, సందులోకి అభిషేకజలం దిగుతుంది కనుక మళ్లీ వేయాలి. తిరుమలలో పన్నెండేళ్లకోసారి చేస్తారు, 2018 ఆగస్టులో జరిగింది అదే. ఇంత పని జరిగినా వస్త్రాల కింద, పూలదండల కింద పీఠం భక్తుడి కంటపడదు. పుస్తకంలో పీఠిక పనీ అదే అని నా అభిప్రాయం.

తక్కిన పేర్లు సులువైనవి. ప్రస్తావన నాటకంలో సూత్రధారుడిది, ఉపోద్ఘాతం విషయానికి ప్రవేశం, అవతారిక కావ్యానికి చెల్లుతుంది. ముందుమాట ఎవరైనా రాయవచ్చు.

ఇక మీ ప్రతి. మొదటి వాక్యం ఇది: ‘నా హయాంలో గాలిగోపురం నిర్మించే భాగ్యం కలగడం పట్ల సంతోషం వ్యక్తం చేస్తున్నాను.’ హయాం అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దానికి రోజులని అర్థం. మన దగ్గర ఏలిక వాసన పట్టింది. స్వామి సన్నిధిలో మనిషికి హయాం ఏమిటి? ‘పట్ల సంతోషం వ్యక్తం చేయడం’ ప్రకటనల భాష. సంతోషం కలిగితే సంతోషించండి. భాగవతం అవతారికలో పోతన ‘పలికెడిది భాగవతమఁట, పలికించెడువాఁడు రామభద్రుండఁట’ అన్నాడు. ఆ ‘అఁట’ చూడండి. తాను రాయబోయే గ్రంథం గురించే ఎవరో చెప్పగా విన్నట్టు మాట్లాడుతున్నాడు. ఆ మహాకవి అంత వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఆ వాక్యాన్ని ‘గాలిగోపురం భక్తుల విరాళాలతో లేచింది’ అని మార్చండి, మీ పేరు చివర సంతకంలో ఎలాగూ ఉంటుంది.

మీ రెండు పేజీల్లో ‘నా’, ‘నేను’ పదిహేడు చోట్ల ఉన్నాయి. స్థలం ఎవరిచ్చారో లేదు. ప్రతిష్ఠ చేయించిన ఆచార్యులెవరో, పూజ వైఖానసమో పాంచరాత్రమో, విగ్రహం చెక్కిన శిల్పి ఏ ఊరివాడో లేదు. ప్రతిష్ఠ తిథి కూడా లేదు, ‘1976లో’ అని మాత్రం ఉంది. ఆ ఏడు ఉగాదికి నల సంవత్సరం వచ్చింది. ఉగాదికి ముందు జరిగిన ప్రతిష్ఠ అయితే రాక్షస అవుతుంది. అందుకని ఊహించి రాయకండి. నాటి ఆహ్వానపత్రిక ఏ భక్తుడి ఇంటి పెట్టెలోనైనా ఉండవచ్చు, లేదా గోడలోని శిలాఫలకం చూడండి. సున్నం కప్పేసి ఉంటే నీళ్లతో మెల్లగా కడిగించండి, ఉలి పెట్టనీయకండి.

ఈ వివరాలు చేరితే ‘పీఠిక’ పేరు ఉంచుకోండి, పండితులే రాయాలన్న నియమం నాకెక్కడా కనిపించలేదు. చేరకపోతే మీ మిత్రుడి మాటే నయం. పేరు ఏదైనా, అచ్చుకు పంపేముందు ‘ప్రతిష్ట’ అని ఉన్నచోటల్లా ‘ప్రతిష్ఠ’ అని దిద్దించండి. మీ ప్రతిలో అది ఐదుసార్లు తప్పుగా ఉంది.