భాస్కర్‌కి, ఆ బాండు వెనక్కి పంపే ముందు

చిరంజీవి భాస్కర్‌కి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బీమా పాలసీ బాండు ఫొటోలు రాత్రి పెద్దవి చేసుకుని చదివాను. బీమా, పొదుపు కలిపిన ఎండోమెంట్ పాలసీ, 10 లక్షల కవర్, 20 ఏళ్ళు, ఏడాదికి 52,000 ప్రీమియం. ఏజెంటు మనవాడే కదా అని సంతకం పెట్టేశావు. పెడితే పెట్టావులే, బాండు చేతికొచ్చి ఆరు రోజులే అయింది. అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు నచ్చలేదని తిప్పి పంపే హక్కు నీకుంది. ఆ కొద్ది రోజుల రిస్కుకి, స్టాంపుకి, మెడికల్ టెస్టుకి అయిన ఖర్చు పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు.

"వెయ్యికి 45 రూపాయల బోనస్, చివర్లో డబ్బు దాదాపు రెండింతలు" అని ఏజెంటు అన్నాడన్నావు. ఆ మాట అబద్ధం కాదు. ఇన్నేళ్ళు బ్రాంచి ఆఫీసులో పనిచేసినవాణ్ణి, నేనూ అలాంటి కాగితాలు ఎన్నో చూశాను. అయితే ఆ బోనస్ దేని మీద లెక్కగడతారో చూడు. నువ్వు కట్టిన డబ్బు మీద కాదు, 10 లక్షల కవర్ మీద. అంటే ఏడాదికి 45,000. పోయిన ఏడాది బోనస్ మీద ఈ ఏడాది వడ్డీ రాదు, అది అలాగే పక్కన ఉంటుంది. 20 ఏళ్ళకు 9 లక్షల బోనస్, అసలు 10 లక్షలు, మొత్తం 19 లక్షలు. నువ్వు కట్టేది 10 లక్షల 40 వేలు. రెండింతలకు దగ్గరగానే కనిపిస్తుంది. కానీ ఆ డబ్బు ఏళ్ళ తరబడి వాళ్ళ దగ్గరుంది కదా, చక్రవడ్డీలోకి మార్చి చూస్తే ఐదున్నర శాతం దాటదు. పైగా ఆ 45 గ్యారంటీ కాదు, ఏటా ప్రకటించేది.

దీనికి బదులు నేను తీసుకోమనేది టర్మ్ పాలసీ, గడువులోపు పోతేనే డబ్బిచ్చే బీమా. అది ఎందుకంత చవకో చెప్తాను. 30 ఏళ్ళవాళ్ళు వెయ్యి మందిలో ఏడాదికి పోయేది సుమారు ఒక్కరు. ఆ ఒక్కరి ఇంటికి కోటి ఇవ్వాలంటే వెయ్యి మందీ తలా 10,000 వేసుకుంటే చాలు. బతికున్నవాళ్ళకు ఏమీ తిరిగి రాదు, అందుకే అంత తక్కువ. ఎండోమెంట్‌లో ఈ రిస్కు ఖర్చు కొంచెమే. కమిషనూ ఆఫీసు ఖర్చులూ పోను, మిగిలిందంతా నీ పొదుపే. అందుకే 52,000 కట్టినా కవర్ 10 లక్షల దగ్గరే ఆగిపోయింది.

నీ వయసుకి, పొగతాగవు కాబట్టి, కోటి రూపాయల టర్మ్ ఏడాదికి 13,000 అనుకుందాం. మిగిలిన 39,000 ఏటా పీపీఎఫ్‌లో వేసుకో. ఇప్పుడున్న 7.1 శాతం అలాగే ఉంటే 20 ఏళ్ళకు 17 లక్షల 30 వేలు అవుతుంది. ఎండోమెంట్ కంటే లక్షా 70 వేలు తక్కువే. ఉన్నదున్నట్టు చెప్తున్నా. దానికి బదులు ఈ 20 ఏళ్ళూ నీ భార్యాబిడ్డల వెనక 10 లక్షలూ అప్పటికి చేరిన బోనసూ కాదు, కోటి ఉంటుంది. శ్రీసిటీలో నీ జీతం మీదే ఇల్లు నడుస్తోంది, తిరుపతి ఫ్లాటుకి 28 లక్షల అప్పుంది. ఆ 10 లక్షలు బ్యాంకుకే చాలవు.

చిత్తూరులో బెల్లం మండీ పెట్టుకున్న మా పెదనాన్న కొడుకు 41 ఏళ్ళకే పోయాడు. మూడు ఎండోమెంట్ పాలసీలుండేవి. క్లెయిమ్ ఫారాలు నేనే నింపాను, మా వదిన వేలిముద్రలు వేసింది. డబ్బు పైసా తగ్గకుండా వచ్చింది, నాలుగు లక్షల పైచిలుకు. అప్పు 11 లక్షలు. మండీ అమ్మేశారు.

ఇంకో సంగతి. నాలుగేళ్ళు కట్టి ఆపేశావనుకో, ఎండోమెంట్ పెయిడప్ అవుతుంది. ఇరవైలో నాలుగు కట్టావు కాబట్టి కవర్ 2 లక్షలకు పడిపోతుంది, దాంతోపాటు అప్పటిదాకా చేరిన బోనస్. అదీ గడువు తీరాకే, లేదా ఈలోపు నీకేమైనా జరిగితేనే. ముందే పాలసీ వదులుకుని సరెండర్ చేస్తే మొదటి ఏళ్ళలో కట్టినంత కూడా రాదు. నెలనెలా ఎవరో వసూలు చేస్తే తప్ప దాచుకోలేనివాళ్ళకు ఎండోమెంట్ పనికొస్తుందని ఒప్పుకుంటాను. నువ్వలాంటివాడివి కాదు.

కానీ తొందరపడి బాండు ముందే పంపేయకు. ఈ వారమే టర్మ్‌కి అప్లై చెయ్, మెడికల్ టెస్టులు అయి పాలసీ వచ్చాకే ఇది తిప్పి పంపు. ఫారంలో పోయినేడు బీపీ ఎక్కువ చూపించిన సంగతి దాచకుండా రాయి. ప్రీమియం ఇంకో రెండు వేలు పెరిగినా పెరగనీ. మొదటి మూడేళ్ళలో క్లెయిమ్ వస్తే వాళ్ళు పాత ఆసుపత్రి కాగితాలన్నీ తీస్తారు, నువ్వు దాచిన బీపీ అక్కడ కనబడితే ఆ కోటీ ఆగిపోవచ్చు. ఏజెంటుకి మొహమాటమైతే నేను మాట్లాడతాను. ఆదివారం బండి తీసుకుని బైరాగిపట్టెడ వచ్చెయ్, వచ్చేటప్పుడు ఆ బాండు వచ్చిన పోస్టు కవరు కూడా తే, అందిన తేదీ దాని మీదే ఉంటుంది.

మీ మామయ్య