పొరపాటున వెళ్ళిన మెయిల్‌కు దిద్దుబాటు ఎలా రాయాలి?

ప్రశ్న: జీతాల ఫైలును పొరపాటున ఆఫీసులో అందరికీ మెయిల్ చేశాను. కంగారులో మా మేనేజరు గారికి చాట్‌లో ఏదేదో రాసేశాను. దాన్నే దిద్దుబాటు మెయిల్‌గా ఎలా మార్చాలి?

జవాబు: నేను అకౌంట్స్ విభాగం చూసుకునే రోజుల్లో మా దగ్గర పనిచేసే అమ్మాయికి అచ్చం ఇలాగే జరిగింది. `hr-audit` అనే గుంపులో ముగ్గురు ఆడిటర్లు ఉండేవారు. `hr-all` లో 46 మంది. మొదటి మూడు అక్షరాలు కొట్టగానే వచ్చిన రెండో పేరును ఎంచుకుంది. అయిదు నిమిషాల తర్వాత నాకు చాట్‌లో ఇలా రాసింది:

"అక్కా, ఘోరం జరిగిపోయింది. జీతాల షీటు అందరికీ వెళ్ళింది. నా తప్పు కాదు, పేరు దానంతట అదే వచ్చింది. ఒకరి జీతంలో కోత సంగతి కూడా అందులో ఉంది, ఆయన ఏమనుకుంటారో! రీకాల్ కొట్టాను. నా ఉద్యోగం ఉంటుందా? ఎవరూ తెరవవద్దని ఇప్పుడే అందరికీ మెయిల్ పెడుతున్నాను."

వెంటనే ఫోన్ చేసి ఆ చివరి పని ఆపించాను. తెరవవద్దని రాస్తే, అప్పటిదాకా ఆ మెయిల్‌ను పట్టించుకోనివాళ్ళు కూడా వెతికి మరీ తెరుస్తారు. పైగా పాత మెయిల్‌కే 'రిప్లై ఆల్' కొడితే అది మళ్ళీ అందరి కళ్ళ ముందుకూ వస్తుంది. దిద్దుబాటు ఎప్పుడూ కొత్త మెయిల్‌గానే వెళ్ళాలి.

రాయడానికి ముందు కంప్యూటర్ విభాగానికి చెప్పాం. సంస్థ సర్వరులో ఉన్న మెయిల్‌బాక్సుల నుంచి వాళ్ళు ఆ మెయిల్‌ను తీసేయగలిగారు. అవుట్‌లుక్ రీకాల్ కూడా సంస్థ లోపలే పనిచేస్తుంది. ఆ 46 మందిలో నలుగురు మాకు మనుషులను సరఫరా చేసే ఏజెన్సీవాళ్ళు, వాళ్ళవి బయటి చిరునామాలు. అక్కడికి వెళ్ళినది వెనక్కి రాదు. అందుకే ఆ నలుగురికీ నేనే ఫోన్ చేశాను. మీరు వాడేది జీమెయిల్ అయితే పంపినదాన్ని ఆపుకోవడానికి గరిష్ఠంగా 30 సెకన్లే ఉంటాయి, అదీ సెట్టింగుల్లో ముందే అలా పెట్టుకుంటేనే.

ఆ తర్వాత చాట్‌ను ముందు పెట్టుకుని, చదివేవాళ్ళకు అవసరమైనవి ఏవో చూశాం. ఏ మెయిల్, ఎవరికి వెళ్ళవలసింది, అందులో ఏముంది, ఇప్పుడు వాళ్ళేం చేయాలి: ఇంతే. 'నా తప్పు కాదు' పోయింది. జీతం కోత సంగతి రాస్తే ఫైలు తెరవనివాళ్ళకు కూడా మేమే చెప్పినట్టవుతుంది కనుక అదీ పోయింది. మిగిలింది ఇది:

> విషయం: ఈ సాయంత్రం 5.40కి వచ్చిన మా మెయిల్‌ను తొలగించగలరు
>
> ఈరోజు సాయంత్రం 5.40 గంటలకు అకౌంట్స్ విభాగం నుంచి వచ్చిన మెయిల్ ఆడిటర్లకు వెళ్ళవలసింది. చిరునామా ఎంచుకోవడంలో మేం చేసిన పొరపాటు వల్ల మీకు చేరింది. అందులోని ఫైలులో కొందరి జీతం, బ్యాంకు ఖాతా వివరాలు ఉన్నాయి. దయచేసి ఆ మెయిల్‌ను ట్రాష్‌లో నుంచి కూడా తొలగించండి. ఫైలును ఇప్పటికే దించుకుని ఉన్నా, ఎవరికైనా పంపి ఉన్నా నాకు ఒక్కరికే తెలియజేయండి. జరిగినదానికి క్షమించండి.

కింద విభాగం బాధ్యురాలిగా నా పేరు పెట్టాను, ఆ అమ్మాయి పేరు ఎక్కడా రాయలేదు. మా డైరెక్టరు గారు 'చట్టపరమైన చర్యలు తీసుకుంటాం' అన్న వాక్యం చేర్చమన్నారు. నేను ఒప్పుకోలేదు. బెదిరిస్తే ఫైలు దాచుకున్నవాళ్ళు నోరు విప్పరు. ఆ రాత్రే ఒకాయన ఫోన్ చేసి, ఇంట్లో చూద్దామని ఫైలును తన సొంత మెయిల్‌కు పంపుకున్నానని చెప్పి, నేను లైనులో ఉండగానే దాన్ని తీసేశారు. బెదిరింపు ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ ఆ షీటులో ఉన్న 12 మంది కాంట్రాక్టు ఉద్యోగులు `hr-all` గుంపులోనే లేరు. నష్టం వాళ్ళది, కబురు మాత్రం వాళ్ళకు అందలేదు. మర్నాడు ఉదయం ఒక్కొక్కరికీ విడిగా రాశాం: మీ పేరు, జీతం, ఖాతా నంబరు ఇంతమందికి చేరాయి, దాన్ని తొలగించడానికి ఇదిగో ఇది చేశాం, బ్యాంకు నుంచి అంటూ ఎవరైనా ఓటీపీ అడిగితే చెప్పకండి, ఏ అనుమానం వచ్చినా ఈ నంబరుకు ఫోన్ చేయండి. వ్యక్తిగత వివరాలు ఇలా బయటపడితే సంబంధితులకు తెలియజేయాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ చెబుతుంది. మీ ఫైలులో ఎవరెవరి పేర్లున్నాయో ఆ జాబితాను, మెయిల్ అందినవాళ్ళ జాబితాను పక్కపక్కన పెట్టి చూడండి. రెండో ఉత్తరం ఎవరికి రాయాలో అప్పుడు తేలుతుంది.

మీరు పంపినది ఫైలు కాకుండా డ్రైవ్ లింకు అయితే మాత్రం, ఒక్క అక్షరం రాయకముందే ఆ లింకుకు అనుమతి తీసేయండి.