అద్దె రసీదులు ఆలస్యమైతే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పోయినట్టేనా?

ప్రశ్న: సార్, భీమవరంలో రొయ్యల ఎగుమతి కంపెనీలో పనిచేస్తున్నాను. బేసిక్ నెలకు 60,000, హెచ్‌ఆర్‌ఏ 24,000, ఇంటి అద్దె 14,000. పాత పన్ను విధానంలోనే ఉన్నాను. జనవరిలో రసీదులు ఇవ్వలేకపోయాను. నెలనెలా 6,000 కోసే టీడీఎస్ ఫిబ్రవరిలో 15,984 అయింది. మార్చిలోనూ ఇంతే అంటున్నారు. ఇప్పుడు ఇస్తే తీసుకుంటారా? ఓనర్ గారేమో పాన్ ఇవ్వనంటున్నారు.

జవాబు: తీసుకోవచ్చు. జనవరి గడువు కంపెనీ తన వీలు కోసం పెట్టుకున్నది. మార్చి జీతాల లెక్క పూర్తయ్యేదాకా ఆ ఏడాది టీడీఎస్‌లో హెచ్చుతగ్గులు సర్దడానికి చట్టం ఒప్పుకుంటుంది. తీసుకోవాలా వద్దా అన్నది మాత్రం కంపెనీ ఇష్టం. కాబట్టి ఈ వారమే పేరోల్ వాళ్లకు మెయిల్ పెట్టండి.

ముందు మీకు వచ్చే మినహాయింపు ఎంతో చూద్దాం. ఏడాది అద్దె 1,68,000లోంచి బేసిక్‌లో పది శాతం, అంటే 72,000 తీసేస్తే 96,000. మీకొచ్చిన హెచ్‌ఆర్‌ఏ 2,88,000, బేసిక్‌లో 40 శాతం కూడా 2,88,000. ఈ మూడింటిలో తక్కువదే మినహాయింపు, అంటే 96,000. మీరు 20 శాతం శ్లాబులో ఉన్నారు కనుక సెస్సుతో కలిపి దానిమీద పన్ను 19,968. దాన్నే రెండు నెలలకు పంచి, నెలకు 9,984 చొప్పున అదనంగా కోస్తున్నారు.

మార్చిలో సరిచేస్తే ఆ నెల అదనపు కోత ఆగుతుంది. ఫిబ్రవరిలో ఎక్కువ కోసిన 9,984 కోసం మార్చిలో మామూలుగా కోసే 6,000 కూడా వదిలేస్తారు. మిగిలిన 3,984 కంపెనీ చేతికివ్వదు, రిటర్న్ వేశాక రిఫండ్‌గా వస్తుంది.

మెయిల్‌కి ఫారం 12బిబి, రసీదులు, అద్దె కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. పాత తేదీలు వేయించకండి. ఏ నెల నుంచి ఏ నెల దాకా అద్దె అందిందో రాసి, ఇవాళ్టి తేదీతో ఓనర్ సంతకం చేస్తే చాలు.

అసలు చిక్కు పాన్‌ దగ్గరే. అద్దె ఏడాదికి లక్ష దాటితే అది ఇవ్వాల్సిందే. మన వైపు చాలామంది ఓనర్లు “మాది కొబ్బరితోట, వరిచేల ఆదాయం, పన్ను లేదు కదా” అంటారు. పంట ఆదాయానికి పన్ను లేని మాట నిజమే గానీ ఇంటి అద్దె పంట కాదు. అద్దెలో 30 శాతం ఎలాగూ తగ్గించి లెక్కిస్తారని ఆయనకు నెమ్మదిగా చెప్పి చూడండి. చాలామంది భయం అక్కడే తగ్గుతుంది. నిజంగా పాన్ లేకపోతే ఆ మాట పేరు, చిరునామాతో రాసి సంతకం చేసివ్వాలి. ఉండి కూడా లేదని మాత్రం రాయించకండి.

ఒకవేళ మార్చి పేరోల్ మూసేశారనుకోండి, ఫారం 16లో మినహాయింపు కనిపించదు. అప్పుడు రిటర్న్‌లో మీరే 96,000 చూపించుకోవచ్చు. ఫారం 16తో తేడా ఉంటుంది కనుక నోటీసు రావచ్చు, కాగితాలన్నీ దాచుకోండి. జూలై 31లోగా, పాత విధానం ఎంచుకునే వేయాలి. గడువు దాటితే కొత్త విధానంలోకి వెళ్లిపోతారు, అందులో ఈ హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు.