గంట లెక్కన పని, నెల లెక్కన జీతం: తేడా ఎక్కడుంది?

ప్రశ్న: అయ్యా, నా నియామక పత్రంలో గంటకు 120 చొప్పున, వారానికి 40 గంటలు అని రాసి ఉంది. రెండేళ్లుగా జీతం పడ్డ ప్రతిసారీ 19,200 వేస్తున్నారు. అడిగితే "వారానికి 40, నాలుగు వారాలకు 160 గంటలు, లెక్క సరిపోయింది కదా" అంటున్నారు. అప్పులు చేసి ఇల్లు నెట్టుకొస్తున్నాను, నా బాధ ఎవరికీ పట్టడం లేదు. జీతం చీటీలు దాచుకోలేదు. ఇకమీదట నెలలో 160 గంటలు నిండగానే పని మానేద్దామనుకుంటున్నాను. అలా చేయవచ్చా?

జవాబు: మీ అప్పులు ఈ కేసును తేల్చవు. తేల్చేది ఒక్కటే, అది మీరు రాయలేదు. ఏడాదిలో మీ ఖాతాలో జీతం ఎన్నిసార్లు పడింది? 12 సార్లా, 13 సార్లా?

వారానికి 40 గంటలంటే 4,800. ఏడాదికి 52 వారాలు, అంటే 2,080 గంటలు. గంటకు 120 చొప్పున ఏడాదికి 2,49,600 రావాలి. జీతం సరిగ్గా 28 రోజులకోసారి పడుతుంటే, పడే తేదీ నెలనెలా జరుగుతూ వస్తుంది. ఏడాదిలో 13 జీతాలు వస్తాయి. 13 సార్లు 19,200 అంటే సరిగ్గా 2,49,600. అప్పుడు మీకు కేసు లేదు, యజమాని లెక్క సరైనదే.

అలా కాక ప్రతి నెలా ఒకటో తేదీనో, చివరి రోజునో పడుతుంటే జీతాలు 12 మాత్రమే. మొత్తం 2,30,400. ఏడాదికి 19,200 తక్కువ. అంటే ఒక జీతం మొత్తం మీకు రాలేదు. నాలుగు వారాలకు సరిపోయే నెల 28 రోజుల ఫిబ్రవరి ఒక్కటే. మిగతా నెలల్లో పైన ఉండే ఒకటి, రెండు, మూడు రోజుల్లో పనిదినాలైన వాటికి మీరు పనికి వెళ్లారు, వాటికి డబ్బు రాలేదు. ఏడాది మొత్తాన్ని 12తో భాగిస్తే నెల సగటు 20,800. నెలకు 1,600 చొప్పున రెండేళ్లకు సుమారు 38,400 బాకీ.

"సుమారు" అని ఎందుకన్నానో గమనించండి. 20,800 అనేది తేడా ఉందో లేదో పట్టుకోవడానికి పనికొచ్చే సగటు. దాన్నే క్లెయిమ్‌గా రాయకండి. మీ పత్రంలో ఉన్నది గంట రేటు కాబట్టి, నిజంగా పనిచేసిన గంటలే లెక్కకు వస్తాయి. వారానికి ఐదు రోజులు, రోజుకు 8 గంటలు అనుకుంటే, 23 పనిదినాలున్న నెలకు 184 గంటలు, 22,080 రావాలి. 20 పనిదినాలే ఉన్న నెలకు 19,200 చాలు, ఆ నెలలో తేడా ఏమీ లేదు. అందుకే ఫిబ్రవరి చీటీ ఒక్కటి పట్టుకెళ్తే అవతలి న్యాయవాది దానితోనే మిమ్మల్ని ఓడిస్తాడు. జీతం లేని సెలవులు తీసేయండి. భోజన విరామానికి జీతం లేదని పత్రంలో ఉంటే ఆ సమయాన్నీ కలపకండి.

160 గంటలు నిండగానే పని మానేస్తే ఏమవుతుందో తెలుసా? ఆ నెల హాజరు పట్టీలో 160 గంటలే ఉంటాయి, వాటికి 19,200 సరైన జీతమే అవుతుంది. యజమాని వాదనను మీ చేతులతో మీరే రుజువు చేసినట్టు. పైగా చెప్పకుండా మానేశారని క్రమశిక్షణ చర్య తీసుకునే అవకాశం కూడా ఇస్తారు. ఆ పని చేయకండి.

చీటీలు దాచుకోకపోవడం మాత్రం మీ నిర్లక్ష్యమే. గంట రేటు మీద పనిచేసేవారికి చీటీ, హాజరు రెండే ఆయుధాలు. బ్యాంకు స్టేట్‌మెంటుతో వచ్చిన డబ్బు ఎంతో రుజువవుతుంది కానీ, ఎన్ని గంటలకు వచ్చిందో అందులో ఉండదు. కాబట్టి రెండేళ్ల స్టేట్‌మెంటు తీసుకుని, హాజరు నకలు, చీటీల నకలు ఇమ్మని యజమానికి తేదీ వేసి లిఖితపూర్వకంగా అడగండి. అడిగినట్టు రసీదు ఉంచుకోండి. నకళ్లు ఇవ్వకపోతే ఆ ఉత్తరమే మీకు పనికొస్తుంది. "బాకీ ఏమీ లేదు, పూర్తిగా ముట్టింది" అన్న కాగితం ఏదైనా ముందుకు తెస్తే సంతకం పెట్టకండి.

బాకీ కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి ఉండే గడువు విషయంలో తాత్సారం వద్దు. సాధారణంగా ప్రతి నెల బాకీకీ అది చెల్లించాల్సిన రోజు నుంచే విడిగా గడువు నడుస్తుంది. మీరు ఇప్పుడు పనిలోనే ఉన్నారన్న కారణంతో పాత నెలల గడువు ఆగదు. అవి ఒక్కొక్కటే చేజారిపోతాయి. ఉత్తరం రాసినంత మాత్రాన గడువు ఆగిందని కూడా అనుకోవద్దు.

ఒక కాగితం మీద నెల, హాజరు గంటలు, వాటిని 120తో గుణిస్తే వచ్చే మొత్తం, నిజంగా పడిన మొత్తం, తేడా వరుసగా రాయండి. ఏడాదికి 260 నుంచి 262 పనిదినాలు వస్తాయి కాబట్టి సెలవులు లేకపోతే మీ కూడిక 2,49,600కు ఒకటి రెండు రోజుల కూలి దూరంలోనే ఉండాలి. అంతకు మించి తేడా వస్తే ఎక్కడో తప్పు కూడారు, మళ్లీ చూడండి. ఆ పట్టిక జతచేసి యజమానికి 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పందన లేకపోతే, అన్నిటికన్నా పాత నెల గడువు దాటకముందే వేతన బాకీలు విచారించే అధికారి ముందు దరఖాస్తు పెట్టండి.